చిట్టికి రెండు గీతలూ పడ్డాయి: పిల్లిపిల్లకు ఎఫ్‌ఐవీ, ఫెల్వీ పరీక్షల్లో మా అనుభవం

పిల్లి రక్తాన్ని పరీక్షించే ఆ కిట్‌లో రెండు కిటికీలు ఉంటాయి. ఒకటి ఎఫ్‌ఐవీది, అంటే పిల్లుల్లో రోగనిరోధక శక్తిని తగ్గించే వైరస్‌ది. ఇంకోటి ఫెల్వీది, అంటే పిల్లుల లుకేమియా వైరస్‌ది. ప్రతి కిటికీలో ‘సి’ అక్షరం దగ్గర ఒక గీత పడాలి. అది పడితే కిట్ సరిగ్గా పనిచేసినట్టు. ‘టి’ దగ్గర కూడా గీత పడితే పాజిటివ్. చిట్టికి ఎఫ్‌ఐవీ కిటికీలో ‘టి’ గీత ముదురుగా, ఎవరికైనా కనిపించేలా పడింది. ఫెల్వీ కిటికీలో మాత్రం గీత ఉందా లేదా అన్నట్టు ఉంది. డాక్టరమ్మ కిట్‌ను గది కిటికీ వెలుతురులోకి తీసుకెళ్ళి, అటూ ఇటూ వంచి చూసి, ‘‘ఉందమ్మా, లేతగా ఉంది’’ అన్నారు.

చిట్టి అప్పటికి ఎనిమిది వారాల పిల్ల. పాలపళ్ళు చూసి డాక్టరమ్మ వేసిన లెక్క అది. తిరుపతి కొర్లగుంటలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక వీధిపిల్లి ఈనింది. పిల్లల్లో రెండే మిగిలాయి. ఒకదాన్ని చంద్రగిరిలో ఉండే మా చిన్నమ్మ కొడుకు తీసుకెళ్ళాడు. కళ్ళు పుసులు కట్టి, తుమ్ముతా ఉన్న ఈ బూడిదరంగు చారల పిల్లను మేం ఉంచుకున్నాం. ఇంట్లో అప్పటికే గౌరి ఉంది. అయిదేళ్ళ పిల్లి, గడప దాటి ఎరగదు. చిట్టిని గౌరితో కలపకముందు రక్తపరీక్ష చేయించమని డాక్టరమ్మే చెప్పారు. జలుబుకు మందు రాయించుకోవడానికి పోయి ఈ రెండు గీతలతో ఇంటికొచ్చాం.

ఆ సాయంత్రం మా వీధిలో ఎవరికి చెప్పినా ఒకే మాట. ‘‘ఏందమ్మే, పిల్లికి గూడా ఎయిడ్స్ వస్తాదా? ఇంట్లో పిల్లోళ్ళు ఉండారు కదా!’’ అంది పక్కింటి అక్క. ఎఫ్‌ఐవీ, హెచ్‌ఐవీ ఒకే కుటుంబంలోని వైరస్‌లే. కానీ ఎఫ్‌ఐవీ పిల్లుల్లోనే ఉంటుంది, మనుషులకు రాదు, కుక్కలకూ రాదు. ఫెల్వీ కూడా మనుషులకు అంటుకోదు. అక్కకు ఈ సంగతి చెప్తే సరేనంది. తెలిసినాయన ఒకరు మాత్రం, ‘‘రెండూ ఉన్నాయంటే ఇంక బతకదు, ఇంజెక్షన్ వేయించేయండి, దానికీ బాధ తప్పుతుంది’’ అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, నిజంగానే జాలితో అన్నాడు. కానీ ఈ వయసు పిల్లకు ఒక్క కిట్ చూసి ఆ నిర్ణయం తీసుకోవడం ఎంత తప్పో చెప్పాలనే ఇదంతా రాస్తున్నా.

మర్నాడు డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి ముందు ఒక సంగతి చెప్పారు. ఒకే కిట్‌లో పక్కపక్కనే ఉన్నా, ఆ రెండు కిటికీలూ వెతికేది ఒకే రకం వస్తువును కాదు. ఫెల్వీ కిటికీ వైరస్‌లోని ప్రొటీన్‌నే వెతుకుతుంది. దాని పేరు పి27. అది రక్తంలో దొరికితే వైరస్ ఆ ఒంట్లో ఉన్నట్టు. ఎఫ్‌ఐవీ కిటికీ వైరస్‌ను వెతకదు. ఎఫ్‌ఐవీ వచ్చిన పిల్లి రక్తంలో వైరస్ చాలా తక్కువగా ఉంటుంది, కిట్‌కు అందదు. అందుకని ఆ వైరస్ మీద పోరాడటానికి ఒళ్ళు తయారుచేసుకున్న యాంటీబాడీలను వెతుకుతుంది. పెద్ద పిల్లి విషయంలో ఇది చాలావరకు సరిపోతుంది. ఎఫ్‌ఐవీ ఒకసారి వస్తే పోదు కాబట్టి యాంటీబాడీ ఉందంటే వైరస్ ఉన్నట్టే లెక్క.

పిల్లిపిల్ల సంగతి వేరు. పుట్టిన మొదటి రోజు తాగే ముర్రుపాలలో తల్లి తన యాంటీబాడీలన్నీ పిల్లకు ఇస్తుంది. తల్లికి ఎఫ్‌ఐవీ ఉంటే ఆ యాంటీబాడీలూ వస్తాయి. అవి తల్లి కట్టి పంపిన చద్దిమూట లాంటివి, వాడుకునే కొద్దీ అయిపోతాయి తప్ప కొత్తగా పుట్టవు. అవి ఉన్నన్నాళ్ళూ కిట్ మీద గీత పడుతుంది. ఆ యాంటీబాడీలు పిల్లవా, తల్లివా అని కిట్ చెప్పలేదు. నిజానికి తల్లి నుంచి పిల్లకు ఎఫ్‌ఐవీ వైరస్ రావడం అరుదు. అది ఎక్కువగా లోతుగా పడ్డ కాటుతో, అంటే మగపిల్లుల కొట్లాటల్లో అంటుతుంది. అందుకే ఎనిమిది వారాల పిల్లకు ఎఫ్‌ఐవీ గీత పడితే, ‘‘దీని తల్లికి ఎఫ్‌ఐవీ ఉండొచ్చు’’ అని చదువుకోవాలి. ‘‘ఈ పిల్లకు ఉంది’’ అని అప్పుడే చదవకూడదు. ఆరు నెలలు దాటాక మళ్ళీ పరీక్ష చేయాలి. అప్పటికి తల్లి యాంటీబాడీలు పోతాయి. అప్పుడూ గీత పడితే అవి పిల్ల సొంతవే అనుకోవాలి.

ఇంత విన్నాక నాకు కొంచెం ఊపిరి ఆడింది. కానీ డాక్టరమ్మ ముఖం ఇంకా తేలికపడలేదు. ఆమెకు టెన్షన్ ముదురు గీతతో కాదు, లేత గీతతో. తల్లి ఇచ్చిన యాంటీబాడీలతో ఫెల్వీ గీత పడదు. అది వైరస్ ప్రొటీన్ కాబట్టి, నిజమైతే వైరస్ చిట్టి ఒంట్లోనే ఉన్నట్టు. పైగా పిల్ల ఎంత చిన్నదైతే ఫెల్వీ అంత గట్టిగా పట్టుకుంటుంది. పెద్ద పిల్లులు చాలాసార్లు దాన్ని అణచుకోగలవు. చిన్నవాటిలో అది ఎముకమజ్జలోకి చేరితే రక్తహీనత, క్యాన్సర్, ఏ జబ్బుకూ తట్టుకోలేకపోవడం, ఇవన్నీ రావొచ్చు. గీత లేతగా ఉంది కదా, జబ్బు కూడా కొంచెమే ఉంటుందిలే అనుకోవడానికి లేదు. సమయంలోపల పడిన గీత ఎంత లేతదైనా కిట్ లెక్కలో పాజిటివే. సమయం అనే మాట ఎందుకు అంటున్నానంటే, కిట్‌ను దాని కాగితంలో రాసిన నిమిషాలకే చదవాలి. అలా వదిలేసి అరగంట తర్వాత చూస్తే ఆరిపోయిన పట్టీ మీద లేని గీత కూడా కనిపించొచ్చు. మా డాక్టరమ్మ ఫోన్‌లో టైమర్ పెట్టుకునే చదివారు. కాబట్టి ఆ అనుమానం లేదు.

అయితే ఆమెకు ఇంకో అనుమానం వచ్చింది. అది రావడానికి కారణం నేను కళ్ళారా చూశాను. చిట్టి బరువు ఏడు వందల గ్రాములు. కాలి నరం దారంలా ఉంది. రక్తం ఒక్కసారిగా రాలేదు, సూది మార్చి, పిస్టన్ గట్టిగా లాగితే చుక్కచుక్కగా నురగతో వచ్చింది. ఆ రక్తాన్నే నేరుగా కిట్‌లో వేశారు. మిగిలింది రక్తకణాల పరీక్ష కోసం ఊదారంగు మూత ట్యూబులో పోశారు. కాసేపటికి ట్యూబులో కణాలు అడుగుకు దిగి, పైన ప్లాస్మా తేలింది. మామూలుగా అది ఎండుగడ్డి రంగులో ఉండాలి. చిట్టిది గులాబీ రంగులో ఉంది. రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు పగిలిపోయాయన్నమాట. ఇలా పగిలిన రక్తం, అందులోనూ ప్లాస్మా వేరు చేయకుండా నేరుగా వేసిన రక్తం, కిట్ మీద తప్పుడు గీతకు దారితీయొచ్చు. ‘‘ఈ గీతను నేను కొట్టిపారేయను, నమ్మను కూడా నమ్మను. మళ్ళీ చేద్దాం’’ అన్నారు డాక్టరమ్మ.

కిట్ మంచిదైతే ఇంత అనుమానం ఎందుకని మా ఆయన అడిగారు. దానికి ఆమె మందుల చీటీ వెనక ఒక లెక్క వేసి చూపించారు. ఈ అంకెలు లెక్క కోసం అనుకున్నవే, సర్వేలో వచ్చినవి కావు. వెయ్యి పిల్లిపిల్లల్లో నిజంగా ఫెల్వీ ఉన్నవి 10 అనుకుందాం. కిట్ ఆ పదినీ పట్టేసింది. మిగతా 990 ఆరోగ్యంగా ఉన్నవే. వాటిలో నూటికి రెండింటికి కిట్ పొరపాటున గీత వేసిందనుకుందాం. అంటే సుమారు 20. ఇప్పుడు గీత పడ్డవి మొత్తం 30. అందులో నిజమైనవి 10, తప్పుడువి 20. నూటికి తొంభై ఎనిమిదిసార్లు ఆరోగ్యంగా ఉన్నదాన్ని సరిగ్గా చెప్పే కిట్ కూడా, జబ్బు అరుదుగా ఉన్నచోట, పాజిటివ్ అన్న మూడింట్లో రెండుసార్లు తప్పు చెప్పినట్టు. అదే కిట్ నెగెటివ్ అంటే మాత్రం దాదాపు ఎప్పుడూ నిజమే. ఆ చీటీ ఇప్పటికీ మా ఫ్రిజ్ మీద అంటించి ఉంది. ఇంటికొచ్చే దారిలో మందులు కొనేటప్పుడు ముందుభాగం చూపించి మళ్ళీ తెచ్చుకున్నా.

మళ్ళీ చేయడానికి ఒక నెల ఆగమన్నారు. రక్తం బాగాలేకపోయి వచ్చిన తప్పు అయితే వెంటనే చేసినా తెలిసిపోతుంది. కానీ చిట్టికి వైరస్ ఈ మధ్యే అంటి ఉంటే, ఒక నెల గడిచాక చిత్రం ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఫెల్వీ అంటిన పిల్లిలో పి27 కనిపించడానికి మామూలుగా 30 రోజుల దాకా పట్టొచ్చు. ఆ నెలంతా చిట్టిని గౌరికి దూరంగా ఉంచాలి. ఫెల్వీ ఉమ్మితో పాకుతుంది. ఒకదాన్నొకటి నాకడం, ఒకే గిన్నెలో తినడం చాలు. మేం మేడ మీది గదిని చిట్టికి ఇచ్చాం. దాని గిన్నెలు, ఇసుక తొట్టి వేరు. కిందికి దిగేముందు సబ్బుతో చేతులు కడుక్కునేవాళ్ళం. ఈ వైరస్ ఒంటి బయట ఎక్కువసేపు బతకదు, మామూలు సబ్బుకే చచ్చిపోతుంది. కాబట్టి ఫినాయిల్ డబ్బాలు కుమ్మరించాల్సిన పని లేదు. పైగా ఫినాయిల్ పిల్లులకు విషం కూడా. గౌరికి కూడా రక్తం తీయించాం. రెండు కిటికీల్లోనూ ‘సి’ గీత ఒక్కటే. ఏళ్ళుగా బయటికి పోని పిల్లి కాబట్టి ఆ నెగెటివ్‌ను అలాగే నమ్మొచ్చన్నారు.

ఈలోగా తల్లిపిల్లిని పట్టాం. వీధిపిల్లులకు ఆపరేషన్లు చేయించే కుర్రాళ్ళు లీలామహల్ సర్కిల్ దగ్గర ఉంటారు. వాళ్ళను అడిగి బోను తెచ్చి, ఎండుచేప పెట్టి షెడ్డులో ఉంచాం. పిల్లలు పాలు మానేశాయి కాబట్టి ఆపరేషన్ చేయించడానికి అదే సమయం. మత్తులో ఉన్నప్పుడే రక్తం తీశారు. ఈసారి సులువుగా వచ్చింది, ప్లాస్మా వేరు చేసి మరీ వేశారు. ఎఫ్‌ఐవీ కిటికీలో ముదురు గీత. ఫెల్వీ కిటికీ ఖాళీ. నాకు ఆ కిట్ చూడగానే అర్థమైంది. చిట్టికి పడ్డ ముదురు గీత ఎక్కడినుంచి వచ్చిందో ఇక్కడ కనిపిస్తోంది. ఫెల్వీ విషయంలో కూడా కొంచెం ధైర్యం వచ్చింది. పిల్లలకు ఫెల్వీ ఎక్కువగా తల్లి నుంచే వస్తుంది, కడుపులో గానీ, పాలతో గానీ, నాకడంతో గానీ. తల్లికి లేదంటే చిట్టికి ఉండే అవకాశం తగ్గుతుంది. పూర్తిగా పోదు, షెడ్డులోకి వేరే పిల్లులూ వస్తాయి కదా. అందుకే తల్లి పరీక్షను పిల్ల పరీక్షకు బదులుగా వాడుకోకూడదని, ప్రతి పిల్లకూ విడిగా చేయాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పారు.

నెల తర్వాత చిట్టికి రెండోసారి రక్తం తీశారు. అప్పటికి బరువు పెరిగింది, మెడ నరం దొరికింది. ప్లాస్మా శుభ్రంగా, ఎండుగడ్డి రంగులోనే ఉంది. వేరే కంపెనీ కిట్ తీసుకున్నారు, ఒకే కిట్ ఒకే తప్పును మళ్ళీ చేయకుండా. ఫెల్వీ కిటికీలో ఏమీ లేదు. నిమిషాలు పూర్తయ్యేదాకా నేను దాని మీదినుంచి కన్ను తీయలేదు.

నేను సంబరపడబోతుంటే డాక్టరమ్మ ఆపారు. పాజిటివ్ వచ్చినది నెగెటివ్‌గా మారితే దానికి రెండు అర్థాలు ఉంటాయట. ఒకటి, మొదటిది తప్పు. రెండోది, మొదటిది నిజమే, కానీ ఈ నెలలో చిట్టి ఒళ్ళు వైరస్‌ను అణచేసింది. అలా అణగిన వైరస్ ఒంట్లోంచి పోదు. అది తన జన్యుపదార్థాన్ని పిల్లి కణాల డీఎన్‌ఏలో కలిపేసి, అక్కడే ఊరుకుంటుంది. రక్తంలోకి ప్రొటీన్ వదలదు కాబట్టి కిట్‌కు కనిపించదు. అప్పటికి ఇతర పిల్లులకు అంటదు. కానీ ఒళ్ళు బాగా బలహీనపడినప్పుడు, లేదా స్టెరాయిడ్‌లు ఎక్కువగా వాడినప్పుడు మళ్ళీ లేవొచ్చు. ఈ రెండు అర్థాల్లో ఏదో తేల్చాలంటే కణాల డీఎన్‌ఏలోనే వెతకాలి. అదే పీసీఆర్ పరీక్ష. దానికి ప్లాస్మా పనికిరాదు, కణాలతో సహా మొత్తం రక్తం కావాలి. అందుకే ఆరోజు ఊదామూత ట్యూబులో కూడా రక్తం తీసి పెట్టారు.

ఆ ట్యూబు చెన్నైలోని ఒక ల్యాబ్‌కు పోయింది. తిరుపతి ఎండలో అది వేడెక్కకూడదు, అలాగని గడ్డకట్టనూ కూడదు. గడ్డకడితే కణాలు పగిలిపోతాయి. ట్యూబును దూదిలో చుట్టి, ఐస్ ప్యాక్‌కు నేరుగా తగలకుండా థర్మోకోల్ డబ్బాలో పెట్టి, ల్యాబ్ మనిషికి ఇచ్చారు. ఫలితం రావడానికి పట్టిన రోజులే నాకు ఈ మొత్తంలో కష్టంగా గడిచాయి. ఖర్చు కూడా కిట్ కంటే బాగా ఎక్కువ. అందరూ చేయించలేరు. చేయించలేనివాళ్ళు ఇంకొన్ని వారాలు పిల్లను వేరుగా ఉంచి, మళ్ళీ కిట్ పరీక్ష చేయించుకోవచ్చని, అప్పుడూ నెగెటివ్ వస్తే కనీసం అది ఇతర పిల్లులకు అంటించదని తెలుస్తుందని డాక్టరమ్మ చెప్పారు. మాకు గౌరి ఉంది కాబట్టి తేల్చుకోవాలనుకున్నాం. చిట్టికి తర్వాత ఎప్పుడైనా స్టెరాయిడ్ ఇవ్వాల్సి వస్తే కూడా ఈ సంగతి తెలిసి ఉండాలి.

ఫలితం ఫోన్‌కు వచ్చింది. ఫెల్వీ డీఎన్‌ఏ దొరకలేదు. శుభ్రమైన రక్తంతో కిట్ నెగెటివ్, పీసీఆర్ నెగెటివ్, తల్లి నెగెటివ్, మొదటిసారి రక్తం పగిలినది. ఈ నాలుగూ ఒకేవైపు చూపిస్తున్నాయి కాబట్టి మొదటి లేత గీత తప్పుడుదే అని డాక్టరమ్మ కార్డులో రాశారు. ఆ రోజు మేడ మీది గది తలుపు తీశాం. చిట్టి కిందికి దిగి నేరుగా గౌరి గిన్నెలో మూతి పెట్టింది. గౌరి బుస్సుమంది. రెండు వారాలు బుస్సుమంటానే ఉంది, తర్వాత దాని తల నాకడం మొదలుపెట్టింది.

ఇక ఎఫ్‌ఐవీ. దానికీ పీసీఆర్ చేయించేస్తే ఆరు నెలలు ఆగక్కర్లేదు కదా అని నేను అడిగాను. పాజిటివ్ వస్తే అది ఉపయోగపడుతుంది గానీ, నెగెటివ్ వస్తే నమ్మకంగా కూర్చోలేమని చెప్పారు. ఎఫ్‌ఐవీలో రకరకాల రూపాలు ఉన్నాయి, రక్తంలో వైరస్ తక్కువ, కొన్ని రూపాలను పీసీఆర్ పట్టలేదు. ఎలాగూ ఆరు నెలలకు మళ్ళీ కిట్ పరీక్ష తప్పదు. అందుకని ఆగాం. గౌరితో ఒకే ఇంట్లో ఉంచడానికి దీనివల్ల ఇబ్బంది రాలేదు. రెండూ ఆడవి, కొట్లాడుకునే రకాలు కావు, నాకడంతో ఎఫ్‌ఐవీ పాకడం చాలా తక్కువ.

నాలుగు నెలలప్పుడు టీకాకు పోయినప్పుడు నా కంగారు చూసి ఒకసారి చేశారు. ఎఫ్‌ఐవీ గీత పడింది, కానీ ఈసారి లేతగా. నా గుండె జారిపోయింది. డాక్టరమ్మ మాత్రం పాత కిట్ ఫోటో తీసి పక్కన పెట్టి చూపించారు. గీత ముదురును బట్టి ఏదీ తేల్చకూడదు, ఈ కిట్లు అందుకోసం చేసినవి కావు అంటూనే, ఆరు నెలల లోపల పడిన గీతకు మొదటిదానికి ఉన్న అర్థమే ఉంటుందని, అప్పుడే కొత్త భయం పెట్టుకోవద్దని చెప్పారు.

ఆరు నెలలు దాటాక ఆపరేషన్‌కు ముందు తీసిన రక్తంతోనే చివరి పరీక్ష చేశారు. ప్లాస్మా మూడు చుక్కలు, ద్రావణం రెండు చుక్కలు, టైమర్. రెండు కిటికీల్లోనూ ‘సి’ గీతలు మాత్రమే. తల్లి యాంటీబాడీలు పోయాయి, చిట్టి సొంతంగా ఏవీ తయారుచేసుకోలేదు. అంటే వైరస్ దాని ఒంట్లోకి రాలేదు. ఒకవేళ ఆ చివరి రెండు నెలల్లో ఏదైనా పిల్లి కరిచి ఉంటే యాంటీబాడీ ఇంకా పుట్టకపోయి ఉండొచ్చు, దానికి 60 రోజుల దాకా పడుతుంది. చిట్టి గడప దాటలేదు కాబట్టి ఆ లెక్క మాకు అవసరం లేకపోయింది. టీకా కార్డు మొదటి పేజీలో ‘ఎఫ్‌ఐవీ పాజిటివ్’ అని ఉన్న మాటను డాక్టరమ్మ కొట్టేసి, కింద తేదీ, వయసు, ఫలితం రాసి సంతకం పెట్టారు. రేపు ఇంకో ఊళ్ళో ఇంకో డాక్టరు ఆ కార్డు చూస్తే మొదటి మాట ఒక్కటే కంటపడకూడదని.

తల్లిపిల్లికి ఆపరేషన్ అయిందన్న గుర్తుగా చెవి కొస కత్తిరించి మళ్ళీ షెడ్డులోనే వదిలాం. దానికి ఎఫ్‌ఐవీ నిజమే. ఆపరేషన్ అయ్యాక వేడికి రాదు, మగపిల్లుల గొడవ తగ్గింది, కాట్లూ తగ్గాయి. తిండి బాగా తింటోంది. నోట్లో పుండ్లు వస్తే, బరువు తగ్గితే వెంటనే చెప్పమన్నారు, ఈ వైరస్ ఉన్నవాటికి చిగుళ్ళు ముందు చెడతాయట.

చంద్రగిరిలో ఉన్న చిట్టి తమ్ముడికి మా చిన్నమ్మ కొడుకు పరీక్ష చేయించింది మూడు నెలల వయసప్పుడే. ఫెల్వీ లేదు, ఎఫ్‌ఐవీ గీత పడింది. అక్కడి వాళ్ళు బయట వదిలేద్దామన్నారు. నేను ఫోన్‌లో తల్లి సంగతి, చిట్టి సంగతి చెప్పి, మా కార్డు ఫోటో పంపాను. ‘‘అట్లయితే మళ్ళీ చేయించినాకనే చూద్దాంలే అక్కా’’ అన్నాడు. పిల్లను అట్టిపెట్టుకున్నారు. ఆరు నెలలు దాటినా ఊళ్ళో పనుల్లో పడి ఇంకా పోలేదు. ఈ ఆదివారం నేనే పోయి, బుట్టలో పెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి తీసుకొస్తానని చెప్పాను.